పప్పులో పాపిట

దిల్‌సుఖ్‌నగర్ చూడ్డానికని ఎవరూ వెళ్లరు. కోచింగుకి వెళ్తారు, హాస్టల్ వెతుక్కోవడానికి వెళ్తారు, చుట్టాలింటికి వెళ్లి నాలుగు రోజులుండి వస్తారు. నేను మాత్రం ఇద్దరు పల్లెటూరి ఆడవాళ్ల తిట్లు సంచీలో పెట్టుకుని వెళ్లాను. అదీ ఎప్పుడు? రోడ్డు మీదికొస్తే చాలు ‘జై తెలంగాణ’ తప్ప మరో మాట వినపడని రోజుల్లో. నాది ఏలూరు. ‘ఇప్పుడే వెళ్లాలా నువ్వు?’ అని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఇప్పుడు తిరిగొచ్చి ఇది రాస్తున్నాను గానీ, అక్కడ నన్ను తిట్టారో, ఆదరించారో చెప్పమంటే ఈ నిమిషానికీ సగమే తెలుసు.

ముందు నా సంగతి. నేను చాలాకాలం ఇటలీలో, నాపోలి అనే ఊళ్లో, ఒక ముసలాయనకి సేవ చేస్తూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆయన భార్య దగ్గర నేర్చుకున్నదే నా ఇటాలియన్. తిరిగొచ్చాక ఊళ్లో అందరూ నన్ను ‘ఇటలీలో ముసలాళ్లకి స్నానం చేయించొచ్చినాయన’ అనేవారు. అలాంటి నాకు, మా చర్చి ఫాదర్ ద్వారా, ఇటలీలోనే ఉత్తరాన ఉన్న తొరీనో నుంచి లూచియా అనే ఆవిడ కబురు పెట్టింది. దేశదేశాల పల్లె కథలతో పుస్తకం వేస్తోందట, ఒక తెలుగు కథ కావాలట. నా పేరు పుస్తకంలో ఉంటుందట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు, ఎందుకు దాచాలి?

నేనెంచుకున్నది ఒక పాత పుస్తకంలో చదివిన ‘వియ్యపురాండ్లు’. రాసినావిడ నల్గొండ వైపు మనిషి, అండాలమ్మ గారు. మల్లమ్మ, సాయమ్మ అని ఇద్దరు వియ్యపురాళ్లు. ఒకరినొకరు ‘వదినె’ అని పిలుచుకుంటారు. ఎప్పుడు కలిసినా భోజనం దగ్గర ఒకరి వంటని ఒకరు తిట్టుకుంటారు, ఊరంతా విని నవ్వుతుంది. చివర్లో మల్లమ్మ భర్త పోతాడు. దినం నాటి భోజనంలో మల్లమ్మ పప్పు వడ్డిస్తుంది. సాయమ్మ తిని, మొట్టమొదటిసారి, ‘పప్పు మంచిగైంది వదినె’ అంటుంది. మల్లమ్మ గరిట పడేసి ఏడుస్తుంది. అంతే కథ.

నేను బడి ఇటాలియన్‌లో శుభ్రంగా చేసి పంపాను. లూచియా జవాబు చూసి నీరుగారిపోయాను. ‘వీళ్లు ఇద్దరు పంతులమ్మల్లా పోట్లాడుకుంటున్నారు. అసలు ఇంత ద్వేషం ఎందుకు? పోనీలే, చివరికి రాజీపడ్డారు, సంతోషం’ అంది. రాజీ! కథ తల్లకిందులైంది. నవ్వు రాకపోతే ఈ కథ తీసేసి ఇంకోటి వేసుకుంటానని కూడా అంది. దాంతో నేను రెండోసారి మొత్తం నాపోలి యాసలోకి దించాను. ఆ కాగితాలతో, రచయిత్రి ఒప్పుకోలు తీసుకుందామని బయల్దేరాను.

హయత్‌నగర్: రోడ్డు మీద విస్తరి

విజయవాడలో బస్సెక్కాను. అబ్దుల్లాపూర్‌మెట్ దాటేదాకా బాగానే ఉంది. హయత్‌నగర్ దగ్గర రోడ్డు మూసేశారు. ఏమిటా అని దిగి చూస్తే, హైవే నడిమధ్యన పొయ్యిలు, వాటి మీద గుండిగలు! నిరసనగా రోడ్డు మీదే వంట వండి, అక్కడే తింటున్నారు. వంటావార్పు అంటారట. మా వైపు ధర్నా అంటే ఉపవాసం. ఇక్కడ పోట్లాటకి కూడా కడుపునిండా తింటారు.

గులాబీ కండువా వేసుకున్న ఒక పెద్దాయన గరిటతో నా ముందుకొచ్చాడు.

“యాడి నుంచి ఒస్తున్నవే?”

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు వినలేదు. “ఏలూరండి.”

“ఆంధ్రోడివా! మా నీళ్లు తాగుతరు, మా నౌకర్లు జేస్తరు, ఇగ మా బువ్వ గూడ గావాలె నీకు?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పారు. వెనక్కి అడుగేయబోతే ఆయన నా చేతిలో విస్తరి పెట్టి, “యాడికి పోతున్నవ్? కూసో. తినకుంట పోయినవనుకో, బస్సు కదలనియ్య” అన్నాడు.

అన్నం, పప్పు, పచ్చిపులుసు. పచ్చిపులుసంటే కాచని చారు. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపేస్తారు. మాకు చారు మరగందే చారు కాదు. మొదటి ముద్దకి మొహం చిట్లించాను, మూడో ముద్దకి ఇంకొంచెం పోయమన్నాను.

“సూడుండ్రి, ఆంధ్రోని కడుపు!” అని ఆయన అరిచాడు. అందరూ నవ్వారు. నన్ను అవమానించారా, ఆదరించారా? బస్సు కదిలేదాకా ఆలోచించాను, తేలలేదు.

ఎల్‌బీ నగర్: మర్యాదలు

అండాలమ్మ గారిల్లు ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనకాల కాలనీలో. ఆటోవాడు సమ్మె పేరు చెప్పి రెట్టింపు అడిగాడు. ఇచ్చుకున్నాను, ఏం చేస్తాను.

ఆవిడ తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. తెల్లటి నేత చీర, చేతిలో కళ్లద్దాలు. “రాండ్రి సార్, కూసోండ్రి సార్” అని మర్యాదగా కుర్చీ వేశారు. నేను కాగితాలు తీసి, ఒక్కో వాక్యం ఇటాలియన్‌లో చదివి, దాని అర్థం మళ్లీ తెలుగులో చెప్పాను. అనువాదం ఎక్కడ జారిందో పట్టుకోవాలంటే ఇలా వెనక్కి తిప్పి చూసుకోవడమే దారి. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. అయ్యాక, “మంచిగున్నది సార్. మస్తు కష్టపడ్డరు” అన్నారు.

నేను ఉబ్బిపోయాను. “అయితే ఒప్పుకున్నట్టేనాండి?”

“ఆలోచన జేస్త సార్” అన్నారు, అంతే మర్యాదగా.

ఇంతలో పక్క వీధి నుంచి భారతమ్మ గారని ఒకావిడ చొరవగా లోపలికొచ్చారు. నా చేతిలో గ్లాసు చూశారు. “ఏందొదినె, సారుకు చాయ్ పోసినవా, గిన్నె కడిగిన నీళ్లు పోసినవా?”

“నీ ఇంట్ల గా నీళ్లు గూడ దిక్కులేవు గదనె. తాగుతె తాగు, లేకుంటె పో” అన్నారు అండాలమ్మ గారు, అప్పుడే ఆమెకో గ్లాసు నింపుతూ.

అయ్యబాబోయ్, వచ్చినరోజే గొడవ చూడాల్సి వచ్చిందే అని నేను లేచి నిలబడ్డాను. వాళ్లిద్దరూ నన్ను వింతగా చూశారు. భారతమ్మ గారి కొడుక్కే అండాలమ్మ గారి కూతుర్నిచ్చారని అప్పుడు చెప్పారు. మా వైపూ వియ్యాలవారి సరసాలున్నాయి, కాదనను. కానీ అవి పెళ్లి భోజనాల పాటల్లోనే. ఏడాది పొడుగునా చాయ్ గ్లాసు మీద కూడా నడుస్తాయని నాకు తెలియదు.

గుమ్మం దాకా వచ్చి భారతమ్మ గారు నా చెవిలో ఒక ముక్క వేశారు. “ఆమె ఎవలనన్న సార్ సార్ అన్నదంటె, ఆళ్లు నచ్చలేదన్నట్టు. ఎనుకట ఒక పత్రికోడు ఆమె కథల మాటలన్ని మీ మాటల్లెక్క దిద్ది అచ్చేసిండు. గప్పటిసంది ఎవలకు కథ ఇయ్యది. మీది కూసోని ఇన్నదంటెనే ఎక్కువ.”

నా ఉబ్బు అక్కడికక్కడే దిగింది.

దిల్‌సుఖ్‌నగర్: అక్క భయం

బస మా పెద్దమ్మ కూతురింట్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో. ఎటు చూసినా కోచింగ్ బోర్డులు, వాటి మీద నవ్వే ర్యాంకుల పిల్లలు. వాళ్లింటి కింద ఒక మెస్సుంది. మొన్నటిదాకా ఆంధ్రా మెస్సు, ఇప్పుడు ‘ఆంధ్రా’ మీద రంగు కొట్టి ‘తెలంగాణ’ అని రాశారు. లోపల మాత్రం అదే గోంగూర, అదే వంటమనిషి.

“నువ్వు ఆటోలో నోరెత్తకురా తమ్ముడూ” అంది అక్క. “నోరు తెరిస్తే చాలు, ఎక్కడోళ్లమో తెలిసిపోద్ది.”

“తెలిస్తే ఏంటక్కా? నాకు రోడ్డు మీద అన్నం పెట్టారు.”

“పెట్టేముందు ఏమన్నారో అది చెప్పు.”

చెప్పాను. “చూశావా మరి!” అంది అక్క. “అబ్బే, కానీ...” అని మొదలెట్టి ఆపేశాను. ఆ గరిటాయన మాటల్ని అక్కకి చెబితే అచ్చంగా బెదిరింపులాగే ఉన్నాయి. గరిట లేకుండా చెప్పాను కదా, అందుకనేమో అనిపించింది. అప్పటికి ఆ ముక్క ఎందుకు పనికొస్తుందో తెలియలేదు.

మళ్లీ ఎల్‌బీ నగర్: ముందే వచ్చిన నవ్వు

మర్నాడు మధ్యాహ్నం లూచియాకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అండాలమ్మ గారి ముందే కథ చదవాలని నా ఎత్తు. తొరీనో మనిషి పగలబడి నవ్వితే ఈవిడ ఒప్పుకోక ఏం చేస్తారు? భారతమ్మ గారు కూడా వచ్చి కూర్చున్నారు.

నాపోలి యాసలో మొదటి మాట చదివానో లేదో, ఫోన్‌లో లూచియా కిలకిలా నవ్వింది. రెండో మాటకి ఇంకా నవ్వింది. నేను గర్వంగా అండాలమ్మ గారి వైపు చూశాను. ఆవిడ నవ్వడం లేదు.

“జర ఆగుండ్రి సార్. గిప్పుడు మీరు సదివింది ఏంది?”

“‘లోపలికి రా వదినె, కాళ్లు కడుక్కో’ అన్నదండి.”

“గంతేనా? మరి గందుల నవ్వేదేమున్నది? పప్పు ఇంక పొయ్యి మీదనే ఉన్నది. తిట్టు ఇంక రానే లేదు. గామె ముందే ఎందుకు నవ్వింది?”

లూచియానే అడిగాను, ఎందుకు నవ్వావని. “ఆ యాస వింటేనే నవ్వొస్తుంది కదా!” అంది అమాయకంగా. “మా నాటకాల్లో వంటవాడూ, దొంగా, వాగుడుకాయా మాట్లాడేది అలాగే.”

అది తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను.

భారతమ్మ గారు అందుకున్నారు. “మా మాట సిన్మల ఎవలకిస్తరో ఎర్కనే గద సార్? రౌడీకిస్తరు, లేకుంటె జోకర్‌కిస్తరు. హీరోకియ్యరు. నోరు తెరుస్తనే హాలంత నవ్వుతరు, ఆడు ఏమన్నడో ఇనకుంటనే.”

“ఒక్కడు మా మాటను దిద్దిండు. ఇంకొకడు జోకర్ టోపీ పెట్టిండు” అన్నారు అండాలమ్మ గారు. “ఇగ ఈ కథను పోనియ్యొద్దు సార్. ఈడనే ఉండనియ్యుండ్రి.”

నాకు కోపమొచ్చింది. నిజంగా వచ్చింది. “నాకు జోకర్ టోపీ అంటే ఏంటో తెలియదనుకున్నారా? నేను పనిచేసిన ఇంట్లో పెద్దావిడ అదే యాసలో నన్ను పొద్దస్తమానం తిడుతూ కంచంలో ఇంకో గరిటెడు వేసేది. ఆ ఇంట్లో నన్ను మనిషిలా చూసిన మాట అదొక్కటే. మల్లమ్మ తిట్టు చదవగానే నాకు ఆవిడే వినపడింది. అందుకు పెట్టాను, వెక్కిరించడానికి కాదు!”

అరిచాక భయమేసింది. ఏలూరోణ్ణి, ఎల్‌బీ నగర్‌లో, అదీ ఆ రోజుల్లో, పెద్దావిడ మీద అరిచాను.

“తిట్టుకుంట ఇంకో గరిటె ఏసేదా?” అన్నారు అండాలమ్మ గారు. “మరి మా మల్లమ్మ గూడ గదే జేస్తది గదా. మీ కాగితంల గరిటె యాడున్నది?”

వెతికాను. లేదు! తిట్టు తిట్టుకీ మధ్య మల్లమ్మ వడ్డించే చిన్న చిన్న మాటలు, ‘ఇంద’, ‘పట్టు’, ‘ఇంకింత ఏస్కో’, అవన్నీ అడ్డమని మొదటిసారే తీసేశాను. గరిట తీసేస్తే తిట్టు ద్వేషమైంది. ద్వేషమైతే చివరి మంచిమాట రాజీ అయింది. హయత్‌నగర్ పెద్దాయన మాటల్ని అక్కకి నేను చెప్పింది కూడా అచ్చం అలాగే.

“రేపు పొద్దుగాల రా” అన్నారు అండాలమ్మ గారు. సార్ అనలేదు. అది మంచికో చెడుకో అర్థం కాక దిల్‌సుఖ్‌నగర్ బదులు వనస్థలిపురం వెళ్లే బస్సెక్కేసి, మళ్లీ దిగి వెనక్కొచ్చాను.

మూడోరోజు: దిద్దుబాట్లు

పొద్దున్నే కూర్చున్నాం. ఏ ఊరి యాసా వద్దు. మల్లమ్మకి నాపోలి చీర కడితే ఆవిడ నల్గొండ మనిషే కాకుండా పోతుంది. ఇటలీలో ఎక్కడైనా సరే, చదువుకోనివాళ్లు వాకిట్లో కూర్చుని మాట్లాడే మాట కావాలి. అది ఎలా ఉంటుందో చెప్పాను. చెప్పదలచుకున్న వస్తువుని ముందు వాక్యంలోకి విసిరేస్తారు, తర్వాత ‘దాన్ని’ అనో ‘వాటిని’ అనో మళ్లీ పట్టుకుంటారు. ‘నాకు’ అని ఒకసారి చాలినచోట రెండుసార్లు అంటారు. బళ్లో అయితే కొట్టేస్తారు.

“నేను గూడ కొట్టేసేదాన్ని, ఎర్ర సిరతోని” అన్నారు ఆవిడ. “బళ్లె పిల్లల మాట కొట్టేసుడు, ఇంటికొచ్చి గదే మాట కథల రాసుడు. నా బతుకంత గిదే.” అని నవ్వారు. నేను ఆవిడ నవ్వు చూడ్డం అదే మొదలు.

‘గా పప్పు వండినవా, కడిగి పెట్టినవా?’ అనే మాట ఇలా కుదిరింది: ‘క్వెల్లె లెంతిక్కియె, లె ఆయ్ కొత్తె ఓ లె ఆయ్ సోలో లవాతె?’ ఆ పప్పులు, వాటిని వండావా, ఉత్తినే కడిగావా అని. ఆవిడ రెండుసార్లు చదివించుకున్నారు. “అర్థం గాలె గని, నడక దొరికింది. ఎత్తిపొడుపు ఆఖర్లనే పడ్డది” అన్నారు.

‘వదినె’ దగ్గర ఆగాం. వియ్యపురాలికి ఇటాలియన్‌లో సొంత మాటుంది, కానీ అది కాగితం మాట, దాంతో పిలిచి తిడితే కోర్టులో పిలిచినట్టుంటుంది. పిల్లకి జ్ఞానస్నానపు తల్లినీ, కబుర్లాడే ఇరుగమ్మనీ ‘కొమారె’ అంటారు. తిట్టే చనువు ఆ పిలుపులో ఉంది. అదే పెట్టాం.

పెద్ద చిక్కు బొట్టు దగ్గర వచ్చింది. ‘నీ పప్పుల మొకం జూస్కొని బొట్టు పెట్టుకోవచ్చు’ అంటుంది సాయమ్మ, పప్పు అంత పలచనని. ఇటలీవాళ్లకి బొట్టేంటో చెప్పాలి. చెప్పేలోగా జోకు చల్లారిపోతుంది. కింద వివరణ పెడితే లూచియా ఒప్పుకోదు.

“లిప్‌స్టిక్ పెట్టుకోవచ్చు అందామా?” అన్నాను.

భారతమ్మ గారు పొట్ట పట్టుకున్నారు. “సాయమ్మ లిప్పిస్టిక్ ఏస్కొని నాట్లెయ్యబోతదా?”

అండాలమ్మ గారు మెల్లగా, “మా అమ్మ అద్దం లేకుంటె గంజుల నీళ్లల్ల జూసి పాపిట దీస్కునేది” అన్నారు. గంజంటే గిన్నె. “పాపిట ఉంటదా ఆడ?”

“ఎందుకుండదండీ, జుట్టున్న ప్రతివాళ్లకీ ఉంటుంది!”

‘నీ పప్పులో పాపిట తీసుకోవచ్చు.’ మార్చింది ఆవిడే కాబట్టి నాకు భయం లేదు.

ఇక ఆఖరి మాట, ‘పప్పు మంచిగైంది వదినె’. దాన్ని బాగా గౌరవంగా, ‘మీరు’ పెట్టి రాస్తే లూచియాకి అర్థమవుతుందేమో అన్నాను. “వద్దు, గది చెవుల ఊదినట్టయితది” అన్నారు. చివరికి ఏమీ చేయలేదు. కథ మొత్తంలో ఆ ఒక్క మాటనీ బడి ఇటాలియన్‌లో, నేను మొదటిసారి రాసినట్టే వదిలేశాం. ఎర్ర సిరా పడని మాట అదొక్కటే.

మధ్యాహ్నం మళ్లీ ఫోన్. చదువుతున్నాను, లూచియా నవ్వడం లేదు. ‘లోపలికి రా’ అయింది, ‘కాళ్లు కడుక్కో’ అయింది. నవ్వు లేదు. పుస్తకమూ పోయింది, పేరూ పోయింది అనుకున్నాను. ‘వండావా, కడిగావా’ దగ్గర ఫక్కున నవ్వింది. గరిట. తిట్టు. మళ్లీ గరిట. పాపిట దగ్గర దగ్గు వచ్చేదాకా నవ్వింది. లూచియా నవ్విన ప్రతిచోటా అండాలమ్మ గారు వేలు మడుస్తూ, తను రాసినచోటే నవ్వుతోందా అని చూస్తున్నారు.

ఆఖరి మాట చదివాను. పప్పు బాగుంది, కొమారె.

ఫోన్ మూగపోయింది. లైన్ తెగిందనుకున్నాను. అప్పుడు లూచియా గొంతు, చాలా చిన్నగా, వినిపించింది.

“ఏమన్నది గామె?” అన్నారు అండాలమ్మ గారు.

“‘అయ్యో, ఆమె ఎందుకంత మర్యాదగా మాట్లాడింది?’ అని అడుగుతోందండి.”

అండాలమ్మ గారు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. భారతమ్మ గారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

భోజనం అక్కడే పెట్టారు. కథ ఇస్తున్నానని గానీ, ఇవ్వనని గానీ ఆవిడ అనలేదు. నాకు బస్సు టైమవుతోంది. అడగాలంటే మొహమాటం. పప్పు వడ్డించి, “ఎట్లున్నది?” అన్నారు. పప్పు అద్భుతంగా ఉంది. అదే చెప్పబోయి, నాలుక చివర ఆపుకున్నాను. ఏమనాలి? బాగుందంటే దూరం. బాలేదంటే, ఆంధ్రావాడు తెలంగాణ ఇంట్లో తిని పేరు పెట్టినట్టు. బయట రోడ్డు మీద నినాదాలు వినిపిస్తున్నాయి. కళ్లు మూసుకుని అనేశాను.

“మీ పప్పులో పాపిట తీసుకోవచ్చండీ.”

భారతమ్మ గారి చేతిలో గ్లాసు ఆగింది. అండాలమ్మ గారు నా బట్టతల వైపు తేరిపార చూశారు.

“నీకు పాపిట యాడున్నదిర ఏలూరోడా?” అంటూ నా కంచంలో ఇంకో గరిటెడు పోశారు.